మ్యూట్‌లో ఆడే ప్రకటన: బొమ్మ ‘కాదు’ అని ఎలా చెప్తుంది?

బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఫీడ్ జరుపుతున్న మనిషిని గమనించండి. వీడియో ప్రకటన వస్తుంది, దానంతట అదే ఆడడం మొదలవుతుంది, శబ్దం మాత్రం రాదు. వేలు ఆగితే ఒకటి రెండు సెకన్లు ఆగుతుంది, లేకపోతే అదీ లేదు. ఇయర్‌ఫోన్స్ బ్యాగులో ఎక్కడో ఉన్నాయి. పక్కన నలుగురు ఉండగా ఫోన్ సౌండ్ పెంచడానికి ఎవరికైనా మొహమాటమే. ఈ మనిషి కోసం తీసే ప్రకటనలనే ‘సౌండ్ ఆఫ్’ ప్రకటనలు అంటున్నారు. అంటే క్యాప్షన్లు తగిలించిన మామూలు ప్రకటన అని చాలామంది అనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

శబ్దం ఎందుకు ఆగింది

చూసేవాళ్ల మొహమాటం ఒక్కటే కారణం కాదు, సాఫ్ట్‌వేర్ నియమాలు కూడా కారణమే. ఫేస్‌బుక్ 2013లో ఫీడ్‌లో వీడియోలు వాటంతట అవే ఆడేలా చేసినప్పుడు వాటిని మ్యూట్‌లోనే ఉంచింది. 2016లో వచ్చిన ఐఓఎస్ 10లో ఐఫోన్ బ్రౌజర్ కూడా ఆటోప్లేకి ఒప్పుకుంది, కానీ శబ్దం లేకుండా ఉంటేనే. 2018 ఏప్రిల్‌లో క్రోమ్ 66 కూడా అదే దారి పట్టింది. మ్యూట్‌లో ఉన్న వీడియో ఎప్పుడైనా ఆడొచ్చు. శబ్దంతో ఆడాలంటే చూసేవాళ్లు ఆ పేజీని ముట్టుకుని ఉండాలి, లేదా ఆ సైట్‌లో తరచూ వీడియోలు చూసే అలవాటున్నవాళ్లయి ఉండాలి. అందుకే వెబ్‌పేజీలో వీడియో పెట్టేవాళ్లు ఈ వరుస రాస్తారు:

```
<video autoplay muted playsinline src="ad.mp4"></video>
```

ఇందులో `muted` అన్న మాట తీసేస్తే చాలా ఫోన్లలో ప్రకటన అసలు మొదలే కాదు. అంటే ఆటోప్లే కావాలంటే నిశ్శబ్దాన్ని ఒప్పుకోవాలి, అదే బేరం.

85 శాతం అన్న అంకె ఎక్కడిది

‘85 శాతం వీడియోలు శబ్దం లేకుండానే చూస్తారు’ అన్న మాట ఈ రంగంలో మంత్రంలా తిరుగుతూ ఉంటుంది. దాని పుట్టుక మాత్రం చాలా చిన్నది. 2016లో డిజిడే అనే పత్రిక కొన్ని మీడియా సంస్థలను అడిగితే, ఫేస్‌బుక్‌లో తమ వీడియోలకు వచ్చే వ్యూస్‌లో దాదాపు 85 శాతం మ్యూట్‌లోనే వస్తున్నాయని అవి చెప్పాయి. అది ఒక్క ఫేస్‌బుక్ సంగతి, అప్పటి సంగతి, ఆ సంస్థల వీడియోల సంగతి. ఆ అంకెను ఇవాళ్టి అన్ని యాప్‌లకూ అంటగట్టడం సరికాదు.

‘బయట ఉన్నప్పుడు’ అన్న ముక్కకు నేరుగా దగ్గరపడేది 2019లో వెరైజన్ మీడియా, పబ్లిసిస్ మీడియా అనే కంపెనీలు కలిసి అమెరికాలో ఐదు వేల పైచిలుకు మందితో చేసిన సర్వే. నలుగురిలో ఉన్నప్పుడు శబ్దం లేకుండా చూస్తామన్నవాళ్లు 69 శాతం, ఇంట్లాంటి ఏకాంతంలో కూడా అలాగే చూస్తామన్నవాళ్లు 25 శాతం. మనుషులు తమ గురించి తాము చెప్పుకున్న అంకెలివి, కాబట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. కానీ ఆ రెండింటి మధ్య తేడా చూడండి. అదే మనిషి, అదే ఫోన్, చోటు మారితే శబ్దం పోతుంది.

సబ్‌టైటిల్, క్యాప్షన్, తెరమీది మాట

ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతారు కాబట్టి విడదీసి పెట్టుకుందాం. సబ్‌టైటిల్ అంటే మాటలకు రాత రూపం. చూసేవాళ్లకు శబ్దం వినిపిస్తుంది, భాషే తెలియదు అన్న ఊహ మీద అది నడుస్తుంది. క్యాప్షన్ అసలు వినిపించని వాళ్ల కోసం. అందుకే ‘తలుపు కొట్టిన చప్పుడు’ లాంటివి కూడా అందులో రాస్తారు. మూడోది తెరమీది మాట. ఎవరూ పలకని మాట అది, కథలో భాగంగా బొమ్మ మీద పెద్దగా పడే రాత.

క్యాప్షన్లలో మళ్లీ రెండు రకాలు. ‘క్లోజ్డ్’ రకం విడి ఫైల్‌గా ఉంటుంది. దాన్ని చూపించాలో వద్దో యాప్, ఫోన్ సెట్టింగ్, చూసేవాళ్లు నిర్ణయిస్తారు. ‘ఓపెన్’ రకాన్ని వీడియోలోనే అచ్చు వేసేస్తారు, తీయడం కుదరదు. ప్రకటనలు తీసేవాళ్లు ఓపెన్ వైపు మొగ్గుతారు, ఎవరి సెట్టింగ్ ఎలా ఉన్నా రాత కనిపిస్తుంది కాబట్టి. వినికిడి లోపం ఉన్నవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు క్లోజ్డ్ కావాలంటారు. అక్షరాల సైజు పెంచుకోవచ్చు, భాష మార్చుకోవచ్చు, చప్పుళ్ల వివరాలూ ఉంటాయి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే కథను మోసే రెండు మూడు మాటలను బొమ్మలో వేసి, పలికిన ప్రతి మాటకూ విడి ఫైల్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. అయితే ఆ రెండూ తెర మీద ఒకే చోట పడకుండా చూసుకోవాలి. లేదంటే ఒకే వాక్యం రెండుసార్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తుంది. ఇది ఎంత తరచుగా జరిగే పొరపాటో ఫీడ్ పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది.

ఒక సీసా కథ

ఇప్పుడు ఒక ఊహా ప్రకటన తీసుకుందాం. బ్యాగులో పెట్టినా నీళ్లు కారని సీసా, 15 సెకన్ల వీడియో. మొదట శబ్దం ఉంటుందనుకునే తీశారు. బొమ్మలో ఒక అమ్మాయి హడావుడిగా నడుస్తుంది, ఆఫీసులో బ్యాగు తెరుస్తుంది, లాప్‌టాప్ తడిసి ఉంటుంది. తర్వాత నీలం సీసా, ఆమె నవ్వు, చివరి రెండు సెకన్లలో కంపెనీ పేరు. వెనక నుంచి గొంతు ఇలా చెప్తుంది: ‘పొద్దున్నే హడావుడిగా ఆఫీసుకు బయల్దేరుతారు. మూత గట్టిగా పెట్టామనే అనుకుంటారు. బ్యాగు తెరిస్తే లోపలంతా తడే. ఇక ఆ దిగులు వద్దు. రెండు వలయాల మూత ఉన్న మా సీసా తలకిందులు చేసినా చుక్క కారదు.’

శబ్దం తీసేసి చూడండి. మొదటి మూడు సెకన్లూ ఒకమ్మాయి నడక, అంతే. అది చీర ప్రకటనో, చెప్పుల ప్రకటనో, ఇన్సూరెన్సో తెలియదు. సరే, క్యాప్షన్లు వేశారు. 26 మాటలు 11 సెకన్లలో పడతాయి. అంటే నిమిషానికి 142 మాటల వేగం. టీవీ సబ్‌టైటిళ్లకు బీబీసీ సూచించే వేగం నిమిషానికి 160 నుంచి 180 మాటలు కాబట్టి కాగితం మీద ఇది నెమ్మదిగానే ఉన్నట్టు. కానీ ఆ లెక్క ఇంగ్లీషుది. ఒక ‘బయల్దేరుతారు’లో ఇంగ్లీషువాళ్లకు రెండు మూడు మాటలు పడతాయి. పైగా టీవీ ముందు కూర్చున్నవాళ్లకు చాలాసార్లు చెవి కూడా సాయం చేస్తుంది. బస్సులో మనిషికి కళ్లు మాత్రమే ఉన్నాయి, అవి రాత మీద ఉంటే బొమ్మ మీద లేనట్టే. తడిసిన లాప్‌టాప్ కనిపించే ఒకటిన్నర సెకనులో అతను కింద ‘మూత గట్టిగా పెట్టామనే’ దగ్గర ఉంటాడు.

ఇంతకంటే లోతైన ఇబ్బంది ఇంకోటుంది. గొంతు ఆ ప్రకటనలో నిజంగా చేస్తున్న పనేమిటి? అది వర్ణించడం లేదు. బొమ్మలను ఒకదానికొకటి ముడివేస్తోంది. ‘ఇక ఆ దిగులు వద్దు’ అనగానే అప్పటిదాకా చూసింది పాత సీసా గొడవ, ఇకపై చూసేది కొత్త సీసా అని మనకు అర్థమవుతుంది. బొమ్మకు ఆ శక్తి లేదు. బొమ్మ ‘ఉంది’ అని మాత్రమే చెప్పగలదు. ‘కాదు’, ‘ఇదివరకు’, ‘ఒకవేళ’ అని చెప్పలేదు. నీళ్లు కారుతున్న సీసాను చూపిస్తే నీళ్లు కారుతున్న సీసా కనిపిస్తుంది, అంతే. ఆ సీసా కూడా నీలంగానే ఉండి, రెండో సెకనులో వేలు జరిగిపోతే, అతని బుర్రలో మిగిలేది ‘నీలం సీసా కారుతుంది’ అని. డబ్బు పెట్టి తమ సరుకును తామే తిట్టించుకున్నట్టయింది.

దీన్ని ఎలా విప్పుతారు? ఒక దారి, ఫలితంతో మొదలుపెట్టడం. మొదటి ఫ్రేములోనే బ్యాగు తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది, జిప్ తెరిచి ఉంటుంది, లోపల సీసా, దాని మూత కింద ఒక టిష్యూ కాగితం పొడిగా. చెయ్యి బ్యాగును కుదుపుతుంది. తెరమీది మాట ఒక్కటే: ‘చుక్క కారదు’. కథ లేదు, అమ్మాయి నడక లేదు, కానీ రెండు సెకన్లు చూసి పోయినవాళ్లకు కూడా సరైన ముక్కే అందుతుంది.

రెండో దారి, పోలిక. తెరను పైనా కిందా రెండు భాగాలు చేసి, పైన బూడిదరంగు పేరులేని సీసా, టిష్యూ తడుస్తూ ఉంటుంది. కింద నీలం సీసా, టిష్యూ పొడిగా. రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ‘ఇదివరకు’, ‘ఇప్పుడు’ అన్న మాటలే అవసరం లేదు. నిలువు ఫోన్లో తెరను పక్కపక్కన చీలిస్తే ఒక్కో ముక్క సన్నటి పట్టీ అయిపోతుంది, అందుకే పైనా కిందా. మొదటి దారి వేగంగా అర్థమవుతుంది, రెండో దారి ఎందుకు కొనాలో చెప్తుంది. నన్నడిగితే మొదటిదే పెడతాను. రెండో దాంట్లో కళ్లకు ముందు తగిలేది కదులుతున్న నీళ్లు, అవేమో పక్కవాడి సీసావి.

కంపెనీ పేరు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఒక వీడియో ప్రకటన ‘కనిపించింది’ అని లెక్కలో వేసుకోవడానికి అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ పెట్టిన కనీస ప్రమాణం, వీడియోలో సగం పిక్సెళ్లు రెండు సెకన్లు ఆగకుండా తెరమీద ఉండడం. పదమూడో సెకనులో వచ్చే పేరు ఆ రెండు సెకన్లవాళ్లెవరికీ కనిపించదు. సీసా మీదే పేరు ఉంటే మొదటి ఫ్రేము నుంచీ అది తెరమీదే ఉన్నట్టు.

తెలుగు వాక్యం చివరి దాకా తేలదు

రాత వేసే పద్ధతిలో కూడా ఆ ‘కాదు’ ఇబ్బందే ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఈ మధ్య మాట వెంట మాట టపటపా పడే క్యాప్షన్లు ఫ్యాషన్. కన్ను అటూ ఇటూ పరిగెత్తక్కర్లేదు, ఒకే చోట చూస్తే చాలు, కదలిక వల్ల చూపు నిలుస్తుంది అని వాటిని ఇష్టపడేవాళ్లు అంటారు. వెనక్కి వెళ్లి చదవడానికి ఏమీ మిగలదు, బొమ్మ మధ్యలో అక్షరాలు గంతులేస్తుంటే బొమ్మను చూసేదెవరు అని రెండో పక్షం. ఇంగ్లీషులో ఈ వాదన ఎటైనా తేలొచ్చు. తెలుగులో మాత్రం అదనంగా ఒక చిక్కుంది. మన క్రియ చివర వస్తుంది, దాని వ్యతిరేకం కూడా అక్కడే వస్తుంది. ‘బ్యాగులో… పెట్టినా… నీళ్లు…’ అని మూడు మాటలు పడ్డాక కూడా అవి కారతాయో కారవో తెలియదు. చూసేవాళ్లు నాలుగో మాట దాకా ఉంటారన్న నమ్మకం లేదు. కాబట్టి చిన్న వాక్యం ఒక్కసారిగా మొత్తం పడాలి:

```
1
00:00:00,200 --> 00:00:02,400
తలకిందులు చేసినా
చుక్క కారదు
```

ఇది `.srt` అనే క్యాప్షన్ ఫైల్‌లో ఒక ముక్క. వరుస విరిచిన చోటు చూడండి. ‘తలకిందులు’ దగ్గర విరిస్తే ‘చేసినా చుక్క కారదు’ అని కింద వరుస అర్థం లేకుండా మిగిలేది. మొదలు 0 దగ్గర కాకుండా 0.2 సెకను దగ్గర పెట్టింది, ముందు బ్యాగు కంటికి ఆని, తర్వాత మాట పడాలని.

అక్షరాల లెక్క కూడా మోసం చేస్తుంది. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషు సబ్‌టైటిళ్లకు వరుసకు 42 అక్షరాలు, మొత్తం రెండు వరుసలు అని హద్దు పెట్టింది. సాఫ్ట్‌వేర్ లెక్కేసేది మన కంటికి కనిపించే అక్షరాన్ని కాదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. కాబట్టి ఆ అంకెను నమ్ముకోకుండా ఫోన్ మీద చదివి చూసుకోవాలి. నిలువు వీడియోలో పెద్ద అక్షరాలతో 42 ఎలాగూ పట్టవు.

మన లిపి పైకీ కిందకీ కూడా పెరుగుతుంది. వరుసల మధ్య ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ వదిలితే పై వరుసలోని ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. రాత వెనక నల్ల పట్టీ వేస్తే ఒత్తు సగం పట్టీ బయట వేలాడుతుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి, పొల్లుతో విడివిడిగా నిలబడతాయి. తెలుగు రాని ఎడిటర్ దాన్ని పట్టుకోలేడు, చూడ్డానికి అదీ తెలుగులానే ఉంటుంది మరి.

వీడియో మీద ఖాళీ ఎంత

నిలువు వీడియో 1080 × 1920 పిక్సెళ్లు. అదంతా మనదే అనుకుంటే పొరపాటు. రీల్స్ ప్రకటనలకు మెటా ఇచ్చే సూచన ప్రకారం పైన దాదాపు 14 శాతం, కింద దాదాపు 35 శాతం ఖాళీగా వదలాలి, అకౌంట్ పేరు, వివరణ, బటన్లు అక్కడ పడతాయి కాబట్టి. లెక్కేస్తే పైన 270, కింద 670 పిక్సెళ్లు పోయి, 980 మిగులుతాయి. సగం కంటే కాస్త ఎక్కువ. టీవీ అలవాటుతో క్యాప్షన్‌ను కింది అంచున పెట్టినవాళ్ల రాత బటన్ వెనక దాక్కునేది ఇందుకే. మన సీసా ప్రకటనలో మూత, టిష్యూ, మాట మూడూ ఆ మధ్య భాగంలో ఇమడాలి.

బయట చూసేవాళ్ల విషయంలో ఎండ ఇంకో సంగతి. ఎడిటింగ్ గదిలో అందంగా కనిపించిన చీకటి షాట్ ఎండలో నల్ల అద్దమైపోతుంది, చూసేవాళ్లకు తమ మొహమే కనిపిస్తుంది. వెబ్‌లో రాతకూ దాని వెనక రంగుకూ వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని, చూపు సరిగా లేనివాళ్లకూ అందాలని పెట్టిన ప్రమాణాలు చెప్తాయి. ఆరుబయట అది చాలకపోవచ్చు. తెల్ల టిష్యూ మీద తెల్ల అక్షరాలు వేస్తే గదిలో కూడా చాలదు.

శబ్దం కావాలనేవాళ్ల వాదన

ఇంతా చేశాక ‘అసలు మ్యూట్ కోసమే ఎందుకు తీయాలి’ అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట తీసిపారేసేది కాదు. టిక్‌టాక్ మొదటినుంచీ శబ్దంతో ఆడే యాప్, అక్కడ పాటే సగం కథ. యూట్యూబ్‌లో ఏదో వినడానికే వీడియో పెట్టుకున్న మనిషికి మధ్యలో వచ్చే ప్రకటన కూడా వినిపిస్తుంది. ఫేస్‌బుక్ కూడా 2017లో, ఫోన్ సైలెంట్‌లో లేకపోతే ఫీడ్ వీడియోల శబ్దం మెల్లగా మొదలయ్యేలా మార్చింది. చెవికి పట్టిన ట్యూన్ ఏళ్లతరబడి కంపెనీ పేరును గుర్తుచేస్తుందని, మ్యూట్ కోసం తీస్తే ఆ ఆస్తి వదులుకున్నట్టేనని వాళ్లంటారు.

నిజమే. అందుకే ‘సౌండ్ ఆఫ్’ అంటే శబ్దం పెట్టకపోవడం కాదు, శబ్దం లేకపోయినా అర్థం చెడకపోవడం. మన సీసా వీడియోలో బ్యాగు కుదుపుతున్నప్పుడు లోపల నీళ్లు గలగలమంటే వినేవాళ్లకు నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది, అది నిండు సీసాయేనని తెలుస్తుంది. వినని వాళ్లకు నష్టమేమీ లేదు. సీసా పారదర్శకంగా ఉంటే వాళ్లకూ నీళ్లు కనిపిస్తాయి. అయితే కొన్ని సరుకులకు ఈ దారి కుదరదు. స్పీకర్ అమ్మాలన్నా, ఇన్సూరెన్స్ షరతు వివరించాలన్నా బొమ్మ ఎంత లాగినా కొంతదూరమే వస్తుంది.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

క్యాప్షన్లు వేసిన ప్రకటనలను సగటున 12 శాతం ఎక్కువసేపు చూశారని 2016లో ఫేస్‌బుక్ తన సొంత పరీక్షల గురించి చెప్పింది. దాన్ని చదివేటప్పుడు ఒకటి గమనించాలి. అది చూసిన సమయం, అమ్మకం కాదు, జ్ఞాపకం కూడా కాదు. రాత ఉంటే చదవడానికి కన్ను ఆగుతుంది, ఆగినంతమాత్రాన సరుకేదో తెలిసిందని కాదు. అప్పుడే ఆ సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది: తాము చూసిన వీడియోల్లో 41 శాతం శబ్దం లేకపోతే దాదాపు అర్థమే కాలేదట. వాటికి క్యాప్షన్ వేస్తే చదవడానికి ఏదో దొరుకుతుంది, చూడడానికి మాత్రం పాత బొమ్మే.

తేడా తెలుసుకోవాలంటే ఒకే వీడియోను రెండు రకాలుగా చేసి, ఒకే తరహా జనాన్ని రెండు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కోటి చూపిస్తారు. మార్చేది ఒక్కటే ఉండాలి. క్యాప్షన్, సంగీతం, మొదటి షాట్ మూడూ మారిస్తే గెలిచింది ఏదో తెలియదు. ఏ సెకనులో ఎంతమంది మిగిలారో చూపే గీతలో నిట్టనిలువుగా పడిన చోటు ఉంటే, ఆ సెకనులోని ఫ్రేము తీసి చూస్తారు. చాలాసార్లు అక్కడ రాత మారి ఉంటుంది, బొమ్మ కూడా అదే క్షణంలో మారి ఉంటుంది. కన్ను దేన్నీ పట్టుకోలేదు.

డబ్బు పెట్టకముందు చేసే పరీక్ష ఇంకా సులువు. ఈ పనితో సంబంధం లేని మనిషికి ఫోన్ ఇచ్చి, మ్యూట్‌లో మూడు సెకన్లు చూపించి వెనక్కి తీసుకుంటారు. అడిగేది ఒకటే ప్రశ్న: ‘ఏం అమ్ముతున్నారు?’ మన బ్యాగు, సీసా, టిష్యూ వీడియోకు ‘వాటర్‌ప్రూఫ్ బ్యాగు’ అన్న జవాబు రావడానికి బోలెడంత అవకాశం ఉంది, ఫ్రేములో అన్నిటికంటే పెద్దది అదే కాబట్టి. అలా వస్తే క్యాప్షన్‌లో ‘సీసా’ అన్న మాట ఇరికించి సరిపెట్టబోతారు. దానికంటే కెమెరాను బ్యాగులోకి దించి, మూత తెర మధ్యకు వచ్చేలా మళ్లీ తీయడం మేలు.